ఐదు డబ్బీలు, ఒక్క కడుపు

రాజనర్సు పాలవాణ్ణి నమ్మడు. గోటి మీద పాలచుక్క నిలబెట్టి, అది జారుతుందా ఆగుతుందా అని చూసి గాని గిన్నె లోపలికి పోనివ్వడు. కూరగాయలామె తూకం నమ్మడు, క్యాలెండరు మీద వర్జ్యం నమ్మడు, మందుల షాపువాడు ఇచ్చిన మాత్ర మీద తేదీని రెండుసార్లు చదువుతాడు. కరోనా వచ్చాక ఆయన అనుమానానికి సర్కారే లైసెన్సు ఇచ్చినట్టయింది. లింబాయత్ షేరింగ్ ఆటోలో పక్కవాడు దగ్గితే ఇదివరకు ఊరికే చూసేవాడు, ఇప్పుడు దిగిపోతున్నాడు. ఆ బట్టల మిల్లుల పట్నంలో, డిండోలి పేటలో మన తెలుగువాళ్లంతా ఆయనను అనుమానాల రాజనర్సు అనే పిలుస్తారు. ఆ మాట ఆయన చెవిన పడినా కోపం రాదు, పైగా కొంచెం గర్వం కూడా.

గర్వానికి కారణముంది. లింబాయత్‌లో చిన్న రక్తపరీక్షల ల్యాబులో ఇరవై రెండేళ్లుగా టెక్నీషియను ఆయన. తండ్రి సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి ఈ పరాయి రాష్ట్రానికి వచ్చి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద బతికాడు. కొడుకు చెవులు ఆ చప్పుడుకు చెడిపోకూడదని పన్నెండో తరగతి తర్వాత ల్యాబు కోర్సులో వేశాడు. అప్పటి నుంచి ఆయనది మైక్రోస్కోపు ముందు కూర్చునే బతుకు. డాక్టరమ్మ సాయంత్రం వచ్చి సంతకాలు పెడుతుంది గాని, చూసేది మాత్రం రాజనర్సు కళ్లే. ఇంతకాలంలో ఆయన చెప్పింది తప్పని ఎవరూ అనలేదు.

భార్య పోశమ్మ ఒక్కతే ఆయన్ని లెక్కచేయదు. 2021 ఫిబ్రవరిలో ఆయనకు పది రోజులుగా బొడ్డు చుట్టూ నొప్పి. తిన్నది ఒంటబట్టడం లేదు.

"ఊరోళ్ల కడుపులన్నీ సూస్తవు గని నీ కడుపు ఎప్పుడు సూస్కుంటవయ్యా?" అంది.

"సూసిన తియ్, ఏం లేదు" అన్నాడు రాజనర్సు.

అది సగమే నిజం. గురువారం నాడు ఎవరికీ కనపడకుండా తన డబ్బీ తానే తీసుకుపోయి స్లైడు మీద పెట్టాడు కూడా. అంతలో మిల్లువాళ్లు అరవైమంది కరోనా పరీక్షకు వరసలో నిలబడ్డారు. ముక్కుల్లో పుల్లలు పెట్టి పెట్టి మధ్యాహ్నానికి తిరిగొచ్చేసరికి స్లైడు ఎండిపోయింది. దాన్నీ డబ్బీనీ పారేసి, మళ్లీ చూద్దాంలే అనుకుని మరిచిపోయాడు.

ఆ తర్వాతి బుధవారం సారక్క వచ్చింది.

సారక్కది వాళ్ల పక్క గల్లీనే. పాండేసరా వైపు ఒక అద్దకం మిల్లు క్యాంటీనులో కూరగాయలు కోసే పని. లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగిపోయి మగడు ఊరికి పోయాడు, ఇంకా తిరిగి రాలేదు. పదో తరగతి చదివే కూతురు సంతోషిని పెట్టుకుని ఎనిమిది నెలలు పని లేకుండా నెట్టుకొచ్చింది. దీపావళి తర్వాత క్యాంటీను తెరిచి ఆమెను మళ్లీ పిలిచినప్పుడు, రాజనర్సు ఇంటికి కూడా ఒక గిన్నెడు సేమ్యా పాయసం తెచ్చి ఇచ్చింది. అందులో ఏం కలిపిందో అని ఆయన తినలేదనుకోండి, అది వేరే సంగతి.

ఇప్పుడు ఆమె చేతిలో గుడ్డసంచి, సంచిలో ఐదు ప్లాస్టిక్ డబ్బీలు ఉన్నాయి. మిల్లు యజమానికి కరోనా భయం పట్టుకుని, వంటింట్లో పనిచేసే ఐదుగురికీ అన్ని పరీక్షలూ చేయించి ఫిట్‌నెస్ కార్డు తెమ్మన్నాడు. అందులో మలపరీక్ష ఒకటి. ఐదుగురిలో వంటమేస్త్రి మొండయ్య, ఆ తర్వాత సారక్క, మిగతా ముగ్గురూ వడ్డించి గిన్నెలు కడిగేవాళ్లు.

"అందర్వి నువ్వే తెచ్చినవా?" అన్నాడు రాజనర్సు, సంచిని దూరంగా పట్టుకుని.

"నా తొవ్వల్నే ఉన్నది గదన్నా ల్యాబు. ఐదుగురు పని ఇడ్సిపెట్టి ఎందుకు తిరుగుడని నా చేతికిచ్చిండ్రు. జర తొందరగ సూడు, సోమారం దాకనే టైమిచ్చిండు సారు."

ఆ మాట ఎందుకో ఆయనకు నచ్చలేదు. అయినా పనిలో దిగాడు.

ఆయన పద్ధతి పాతదే. గాజుపలక మీద ఎడమవైపు ఒక చుక్క సెలైన్, అంటే ఉప్పునీళ్లు, కుడివైపు ఒక చుక్క అయోడిను. రెండింట్లోనూ పుల్లతో ఆవగింజంత నమూనా కలిపి, పల్చటి గాజుబిళ్లలు కప్పాలి. మొదట చిన్న లెన్సుతో పొలం దున్నినట్టు ఈ చివర నుంచి ఆ చివరకు వెతకాలి. ఏదైనా కనపడితే పెద్ద లెన్సు తిప్పాలి. కంటిగాజులో సన్నని గీతల స్కేలు ఉంటుంది, ఆయన మైక్రోస్కోపులో పెద్ద లెన్సు కింద ఒక గీత అంటే రెండున్నర మైక్రాన్లు.

మొండయ్య డబ్బీలో ఉప్పునీళ్ల వైపే కనపడింది గుడ్డు. పొడుగ్గా ఉంది. గీతలు లెక్కపెట్టాడు, పొడవు ముప్పై ఆరు, వెడల్పు పదిహేడు. అంటే తొంభై మైక్రాన్ల పొడవు. పెంకు పలచన, దాని మీది బుడిపెలు అక్కడక్కడా అరిగినట్టున్నాయి. లోపల ఒక కణం గాని, కణాల గుంపు గాని లేదు. మెరిసే నూనెబొట్ల లాంటి గింజలు అంచుల దాకా కిక్కిరిసి ఉన్నాయి.

ఇది ఏలికపాము గుడ్డే. అయితే మామూలు గుడ్డు కాదు. మామూలుది ఇంచుమించు గుండ్రంగా, అరవై మైక్రాన్లకు అటూ ఇటూ ఉంటుంది. పెంకు మందంగా, చుట్టూ బుడిపెలతో, పైత్యరసం పట్టి గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. లోపల ఒక్కటే ముద్దలాంటి కణం, దానికి రెండు కొసలా నెలవంకల్లా ఖాళీ. ఇలా సన్నగా సాగి, లోపల చిందరవందరగా ఉందంటే మగపురుగు లేకుండానే ఆడపురుగు పెట్టిన గుడ్డన్నమాట. కడుపులో ఉన్నవన్నీ ఆడవే అయితే అన్నీ ఇలాంటివే వస్తాయి. అది అప్పుడప్పుడు జరిగేదే.

రెండో డబ్బీ సారక్కది. అందులోనూ ముప్పై ఆరు గీతల పొడుగు గుడ్డే. మూడో డబ్బీలోనూ అదే. నాలుగో దానికి వచ్చేసరికి రాజనర్సు మాస్కు వెనక నవ్వుకున్నాడు. ఐదోది పెట్టకముందే ఏముంటుందో ఆయనకు తెలిసిపోయింది, తెలిసినట్టే ఉంది కూడా.

ఐదు కడుపులు, ఐదింట్లోనూ ఆడపురుగులే, ఒక్కదానికీ మగతోడు లేదు! పెళ్లిళ్ల పేరయ్య కూడా నమ్మడు ఈ మాట. ఇవి ఐదుగురివి కావు, ఒక్కరివే. ఎవరో ఒకరు తమ దాన్నే ఐదు డబ్బీల్లో సర్ది ఐదు పేర్లు రాశారు. ఎవరి సంచిలో వచ్చాయి? సారక్క సంచిలో. ఎందుకని అడగకముందే 'పని ఇడ్సిపెట్టి ఎందుకు తిరుగుడు' అని సంజాయిషీ ఇచ్చుకున్నదెవరు? సారక్కే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదే మరి!

దొంగ దొరికాక ఇక వెతకడమెందుకు? కుడివైపు అయోడిను చుక్కలను ఆయన ఐదింట్లో ఒక్కదాంట్లోనూ చూడలేదు. ఎడమవైపైనా పూర్తిగా దున్నలేదు. డాక్టరమ్మ సంతకం దాకా కూడా ఆగకుండా మిల్లు క్యాంటీను చూసుకునే లక్ష్మీకాంత్‌కు ఫోను కొట్టాడు. లక్ష్మీకాంత్ కాకినాడ మనిషి, మెత్తగా మాట్లాడతాడు గాని యజమాని మాట జవదాటడు.

"సార్, డబ్బీలు ఐదున్నయి గని కడుపు ఒక్కటే. మోసం జరిగింది."

"అదేంటండీ రాజనర్సు గారూ! అంత ఖచ్చితంగా చెప్పగలరా?"

"ఇరవై రెండేండ్ల సంది గిదే పని సార్."

"ఎవరి పనంటారు?"

రాజనర్సు గొంతు తగ్గించాడు. "ఎవల పనో నాకెట్ల తెలుస్తది సార్? తెచ్చింది మాత్రం సారక్క" అన్నాడు. పేరు చెప్పీ చెప్పనట్టు చెప్పడంలో ఎంత విషముంటుందో ఆయనకు తెలియక కాదు.

ఆ సాయంత్రమే సారక్క ఆయన గుమ్మం ముందు నిలబడింది. మాస్కు గడ్డం కిందికి జారి ఉంది. మొహం ఎర్రగా ఉంది.

"ఏం జెప్పినవన్నా సారుకు? సోమారం నుంచి రావొద్దన్నడు. నేను దొంగతనం జేసిన్నట. మిగిలినోళ్లను అయితే మల్ల పరీక్ష జేపిచ్చి సూస్తడట. మొండయ్య సుత నా దిక్కు ఒక తీరుగ సూస్తుండు. సండాస్ దొంగ అని పేరు పెట్టిండ్రు నాకు. సంతోషి ముంగట అన్నరు ఆ మాట!"

"నేను సూసిందే చెప్పిన సారక్కా. మైక్రోస్కోపు అబద్ధమాడదు."

"అది ఆడదేమో. మల్ల తీస్కో. నీ కండ్ల ముంగట తీస్కో. ఐదుగుర్ని తోల్కొస్త. గప్పుడు గూడ నేనే దొంగనైతే, నీ కాళ్లు మొక్కి పోత."

దొంగే ఇంత గట్టిగా మాట్లాడతాడని రాజనర్సు నమ్మకం. అయినా సరేనన్నాడు. రెండోసారి నిజం బయటపడితే తన మాట మరింత నిలబడుతుందని లోపల ఆశ. లక్ష్మీకాంత్‌తో చెప్పి ఆదివారానికి ఒప్పించాడు.

ఆదివారం పొద్దున ఏడింటికి ల్యాబు తాళం తీశాడు. వెనకవైపు ఒకటే మరుగుదొడ్డి. దాని తలుపు ముందు కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు. లోపలికి పోయే ముందు మగవాళ్ల జేబులు తడిమాడు, ఆడవాళ్ల చేతిసంచులు బల్ల మీద పెట్టించాడు. కొత్త డబ్బీలు తానే ఇచ్చాడు, వాటి మీద పేర్లు తానే రాశాడు. ఇలాంటి పని అడగ్గానే అయ్యేది కాదు గదా. మొండయ్య రెండు చాయలు తాగి, ఒక బీడీ కాల్చి, గంటన్నర వీధిలో పచార్లు చేశాడు.

"గింత పారా మా సేఠు తిజోరీకి సుత ఉండదే నర్సన్నా" అన్నాడు ఎట్టకేలకు బయటికొస్తూ. ఎవరూ నవ్వలేదు. సారక్క అసలు ఎవరి వైపూ చూడలేదు. తన డబ్బీ తెచ్చి బల్ల మీద చప్పుడయ్యేలా పెట్టింది.

పదిన్నరకల్లా ఐదు డబ్బీలూ వచ్చాయి. వాళ్లను బయట బెంచీ మీద కూర్చోమని రాజనర్సు స్లైడ్లు వేశాడు.

మొదటిది సారక్కదే పెట్టాడు. ఉప్పునీళ్ల చుక్కలో ఉంది ఆ పొడుగు గుడ్డు. ముప్పై ఆరు గీతలు. 'దొరికింది!' అనుకుని రెండోది పెట్టాడు. అందులోనూ ఉంది. మూడు, నాలుగు, ఐదు, అన్నింట్లోనూ అదే గుడ్డు, అదే పలచని పెంకు, అవే మెరుపు గింజలు.

ఆయన లెన్సు నుంచి కన్ను తీశాడు. ఇప్పుడు ఎవరిని అనుమానించాలి? తలుపు ముందు కూర్చున్నది తాను. పేర్లు రాసింది తాను. మొన్నటి ఐదు డబ్బీలు ఒకరివే అయితే, ఈ ఐదు ఐదుగురివని తన కళ్లే సాక్ష్యం. ఐదుగురిలోనూ ఒంటరి ఆడపురుగే ఉండటం జరిగే పని కాదు. మరి ఈ గుడ్లు ఎక్కడివి?

మొదట స్లైడ్లను అనుమానించాడు. కరోనా రోజుల్లో సరుకు దొరక్క గాజుపలకలను కడిగి మళ్లీ వాడుతున్నారు. కడగడం సరిగ్గా లేదేమో! బీరువా తీసి విప్పని పెట్టె ఒకటి పట్టుకొచ్చాడు. కొత్త పలక, కొత్త గాజుబిళ్లలు. వాటి మీద మొండయ్యది మళ్లీ పెట్టాడు. పొడుగు గుడ్డు పోలేదు.

ఈసారి మాత్రం ఓపిగ్గా రెండు చుక్కలనూ చివరిదాకా చూశాడు. అలా చూస్తే ఇంకొకటి దొరికింది. ఇరవై ఆరు గీతలు, అంటే అరవై ఐదు మైక్రాన్లు. గుడ్డు రూపం, రంగు లేదు, పెంకు గీత గీసినంత పలచన. లోపల నాలుగు కణాలు దగ్గరగా ముడుచుకుని ఉన్నాయి, వాటికీ పెంకుకూ మధ్య తేటగా ఖాళీ. కొంకిపురుగు గుడ్డు. మొండయ్య లాక్‌డౌన్‌లో ఊరికి పోయి ఉత్త కాళ్లతో నాట్లు వేసొచ్చాడు, తెచ్చుకుని ఉంటాడు. ఇది అయోడిను వైపు కూడా ఉంది. అక్కడ రంగు పట్టి ఇంకా స్పష్టంగా కనపడుతోంది.

రాజనర్సు రెండు చుక్కలనూ పోల్చి చూశాడు. కొంకిపురుగు గుడ్డు రెండువైపులా ఉంది. పొడుగు గుడ్డు ఎడమవైపు మాత్రమే ఉంది. నమూనా రెండువైపులా ఒక్కటే కదా?

సారక్క స్లైడు తీసి కుడివైపు వెతికాడు. లేదు. మిగతా మూడూ వెతికాడు. ఒక్కదాంట్లోనూ అయోడిను వైపు పొడుగు గుడ్డు లేదు. మళ్లీ ఎడమవైపుకు వచ్చి చూస్తే ఇంకో సంగతి కూడా కంటికి తగిలింది. ఆ గుడ్లు తిండి తుక్కులో చిక్కుకుని లేవు, గాజుబిళ్ల అంచుల దగ్గర తేటనీళ్లలో తేలిగ్గా దొర్లుతున్నాయి. బుధవారం కూడా అలాగే దొర్లి ఉంటాయి. ఆయన చూడలేదు.

ఆయన నెమ్మదిగా తల తిప్పి, బల్ల మీదున్న ఉప్పునీళ్ల సీసా వైపు చూశాడు. రబ్బరు బుడ్డి ఉన్న డ్రాపరు దాని అడుగుదాకా దిగి ఉంది. సోమవారం సోమవారం ఆ సీసాను పారబోసి, వేడినీళ్లతో కడిగి, కొత్త సెలైన్ పోయడం ఇరవై రెండేళ్లుగా ఆయన పెట్టుకున్న నియమమే. ఈ కరోనా హడావుడిలో పోయిన సోమవారం తప్పింది. తగ్గినప్పుడల్లా పైనుంచి నింపుతూ వచ్చాడు.

శుభ్రమైన పలక మీద ఉత్త సెలైన్ ఒక్క చుక్క వేశాడు. అందులో నమూనా లేదు, పుల్ల కూడా ముట్టలేదు. గాజుబిళ్ల కప్పి కన్ను ఆనించాడు.

ముప్పై ఆరు గీతల గుడ్డు, దాని పక్కనే ఇంకొకటి. సీసా అడుగున చేరి కూర్చున్నాయవి, బరువైన గుడ్లు గదా. డ్రాపరు అడుగు నుంచే పీలుస్తుంది, ప్రతి చుక్కలో ఒకటో రెండో పంచిపెడుతుంది.

సీసాలోకి ఎలా వచ్చాయి? డ్రాపరు మొన ఎవరిదో నమూనాకు తగిలి, మళ్లీ సీసాలో మునిగి ఉండాలి. బుధవారానికి ముందు ఈ ల్యాబుకు వచ్చిన మలపరీక్షలెన్ని? రిజిస్టరు తిప్పాడు. రెండు వారాలుగా అన్నీ కరోనా పుల్లలే, మలపరీక్ష ఒక్కటీ రాలేదు. రిజిస్టరులో రాయనిది మాత్రం ఒకటుంది. అంతకు ముందు వారం గురువారం, అరవైమంది బయట అరుస్తుంటే, తొందరలో డ్రాపరు స్లైడుకు తగిలించిన రాజనర్సుది.

బొడ్డు చుట్టూ నొప్పి మళ్లీ లేచింది. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది ఆయన పని. ఊరంతా వెతికితే పోనీ అనుకోవచ్చు, ఒక ఆడదాన్ని దొంగను చేశాడు.

అప్పటికప్పుడు కొత్త సీసాలో కొత్త సెలైన్ కలిపి ఐదుగురివీ మళ్లీ వేశాడు. నలుగురిలో ఏమీ లేదు. మొండయ్యలో కొంకిపురుగు మాత్రం ఉంది. అది వంట చేతుల మీదుగా వచ్చేది కాదు, మట్టిలో పిల్లపురుగై పాదాల గుండా ఎక్కేది. ఒక మాత్రతో పోతుంది, ఫిట్‌నెస్‌కు అడ్డం లేదు.

బయటికొచ్చాడు. ఐదుగురూ లేచి నిలబడ్డారు.

"బాగనే ఉన్నయి. రిపోర్టు రేపు ఇస్త" అన్నాడు. సీసా సంగతి చెప్పలేదు. సారక్క ఆయన మొహంలోకి చాలాసేపు చూసి వెళ్లిపోయింది. ఆ చూపు ఆయనకు బాగా తెలిసిన చూపే. రోజూ లోకాన్ని తాను చూసే చూపది.

లక్ష్మీకాంత్‌కు ఫోను చేసి రెండో పరీక్ష శుభ్రంగా ఉందని చెప్పాడు. ఇంతటితో పోతుందని ఆశ.

"సంతోషమండీ. నలుగురికీ కార్డులు ఇప్పించేస్తాను. సారక్కను మాత్రం తీసుకోలేనండీ. రెండోసారి కాపలా పెడితే శుభ్రంగా వచ్చిందంటే, మొదటిసారి మోసం జరిగినట్టేగా? ఒకసారి అలా చేసిన మనిషిని వంటింట్లో ఎలా నమ్మమంటారు?"

రాజనర్సు ఫోను పెట్టేశాడు. తాను నేర్పిన తర్కమే అది. ఒక్క మాట చెబితే విడిపోయే చిక్కు. ఆ ఒక్క మాట చెబితే మాత్రం ఇరవై రెండేళ్ల పేరు పోతుంది. సీసా కడగని టెక్నీషియను, సొంత కడుపులో పురుగులు పెట్టుకుని పరాయివాళ్ల మీద వేసినవాడు. డాక్టరమ్మ వింటే ఉంచుతుందో లేదో. చెప్పకపోతే? ఎవరికీ తెలియదు. సీసా పారబోస్తే సాక్ష్యం కూడా ఉండదు. నిజం చెప్పాలంటే, అలా చేద్దామనే ఆ పగలంతా అనుకున్నాడు. మంచివాణ్ణని ఇక్కడ ఆయనను నేను పొగడబోవడం లేదు.

రాత్రి అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు. పోశమ్మ చూసింది.

"సారక్క కొత్త పని దేవులాడుకుంటుందట. సంతోషి బడికి సుత పోనన్నదట, దోస్తులు అంటుండ్రని. నిజంగ చేసిందా ఆమె?"

"చెయ్యలే."

"నీకెట్ల ఎరుక?"

రాజనర్సు ముద్ద కింద పెట్టాడు. "అది నా కడుపే పోశమ్మా" అన్నాడు. ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక తిట్టలేదు. గురివింద గింజ తన కింద నలుపు ఎరగదని ఆమె ఎన్నోసార్లు అన్న మనిషే, ఆ పూట ఆ మాట కూడా అనలేదు.

సోమవారం పొద్దున తన డబ్బీ తాను మళ్లీ తీసుకుపోయాడు. కొత్త సెలైన్, కొత్త పలక. ఈసారి ఎడమవైపూ ఉన్నాయి, కుడివైపూ ఉన్నాయి, తుక్కు మధ్యలో చిక్కుకుని మరీ ఉన్నాయి. పేరు దగ్గర రాజనర్సు అనీ, కనపడినదాని దగ్గర ఏలికపాము గుడ్లు అనీ రిజిస్టరులో సిరాతో రాశాడు. డాక్టరమ్మకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె అంతా విన్నది. "సాయంత్రం కూర్చుని మాట్లాడదాం" అని హిందీలో అని పెట్టేసింది. ఆ సాయంత్రం ఏమవుతుందో తెలియకుండానే షేరింగ్ ఆటో ఎక్కి మిల్లుకు పోయాడు. పక్కవాడు దగ్గినా దిగలేదు.

క్యాంటీనులో మొదటి బంతికి ఇంకా వేళ కాలేదు. మొండయ్య పప్పు కలుపుతున్నాడు. లక్ష్మీకాంత్ కార్డుల కట్టతో నిలబడి ఉన్నాడు. సారక్క గిన్నెల గది గుమ్మంలో ఉంది, తన కత్తిపీట, గుడ్డసంచి తీసుకుపోవడానికి వచ్చింది.

రాజనర్సు అందరి ముందూ చెప్పాడు. సీసా సంగతి, డ్రాపరు సంగతి, గురువారం సంగతి అన్నీ చెప్పాడు. గుడ్డు ముప్పై ఆరు గీతలని కూడా చెప్పాడు, అది వాళ్లకెందుకో ఆయనకే తెలియాలి. చివర్న, "డబ్బీలు ఐదైనా కడుపు ఒక్కటే అన్న గద సార్, ఆ ఒక్క కడుపు నాది. సారక్క ఏ పాపం ఎరగదు" అన్నాడు. తన రిపోర్టు కాగితం తీసి లక్ష్మీకాంత్ చేతిలో పెట్టాడు.

మొండయ్య గరిటె ఆపాడు. తర్వాత పగలబడి నవ్వాడు. వడ్డించేవాళ్లూ నవ్వారు. రాజనర్సు ఆ నవ్వులన్నింటినీ తలవంచుకుని తీసుకున్నాడు. లక్ష్మీకాంత్ కాగితం రెండుసార్లు చదివి, కట్ట అడుగున ఇవ్వకుండా పెట్టిన సారక్క కార్డు తీసి ఆమె చేతికిచ్చాడు.

"తప్పు నాది కూడానమ్మా. అడక్కుండానే నమ్మేశాను" అన్నాడు.

సారక్క మాత్రం నవ్వలేదు. కార్డును చీరకొంగుకు ముడేసుకుని రాజనర్సు ముందుకు వచ్చింది.

"మాత్ర ఏసుకున్నవా?"

"తెచ్చుకున్న. ఇంటికి పొయినంక ఏసుకుంట సారక్కా."

"ఇంటికి పొయినంక ఏసుకుంటవని నాకేం నమ్మకం? నా కండ్ల ముంగట ఏస్కో."

వెనక ఎవరో మళ్లీ నవ్వబోయి ఆగారు. రాజనర్సు జేబులో నుంచి మాత్ర తీశాడు, మాస్కు కిందికి లాగి నోట్లో వేసుకుని నమిలాడు. ఆమె లోటాతో నీళ్లిచ్చింది. అందులో ఏముందో చూడకుండా తాగాడు.

"నోరు తెరువు" అంది సారక్క.

ఆయన నోరు తెరిచాడు. ఆమె వంగి, అటూ ఇటూ తల తిప్పి, నాలుక కింద కూడా చూసింది. తృప్తి పడేదాకా చూసి, లోటా తీసుకుని కత్తిపీట ముందు కూర్చుంది.

"ఇగ పో అన్నా. బంతికి టైమైతుంది."